చెప్పింది పాప, రాసింది అమ్మ

జులై 1 మా నాన్న పుట్టినరోజు. నిజానికి అది ఆయన్ని బడిలో చేర్చుకున్నప్పుడు మాస్టారు వేసిన తేదీ. మా పేటలో ఆ తరం మగాళ్ళు చాలామంది జులై 1నే పుట్టారు! బడి మొహం చూడని మా అమ్మకి అదీ లేదు. ఆమె ఆధార్ కార్డు మీద పుట్టిన సంవత్సరం ఒక్కటే ఉంది. "దివిసీమ ఉప్పెన నాటికి కోతలకి పోతన్నా" అంటుంది. అంటే 1977 నవంబరు. ఆమెకున్న లెక్క అదొక్కటే.

అందుకే ఈసారి రెండున్నరేళ్ళ మా పాప పేరున ఇద్దరికీ కలిపి ఒక కార్డు రాద్దామనుకున్నాను.

మొదట రాసింది చూసుకుంటే నాకే సిగ్గేసింది. "పూజ్యులైన తాతగారికి, అమ్మమ్మగారికి పాదాభివందనాలు. మీ ఆశీస్సులు కోరుతూ..." తెలుగులో పీహెచ్‌డీ చేసిన చెయ్యి కదా! మా నాన్న ఎందరి ముందు వంగి నిలబడ్డాడో చూసిన నేనే, నా బిడ్డ మొదటి ఉత్తరంలో పాదాలు తెచ్చి పెట్టాను. అవి కొట్టేశాను. "మీరు" కూడా తీసేశాను. ఆసాముల పిల్లలు ఆయన్ని "ఒరే, నువ్వు" అన్నారు. మనవరాలు మెడ పట్టుకుని అనే "నువ్వు" అది కాదు. ఈ "నువ్వు" ఆయనకి దక్కాలి.

తర్వాత పాపనే అడిగాను. "తాతకి ఏం చెప్దాం?" అంటే దిక్కులు చూసింది. ఆ వయసుకి అది మరీ పెద్ద ప్రశ్న. ఫోన్‌లో ఫొటోలు చూపిస్తే మాటలొచ్చాయి. మూడు సాయంత్రాలకి మూడు మాటలు. "తాత సైకిలు ఎక్కించాడు" అన్నదాన్ని ఎదురుగా మాట్లాడినట్టు "ఎక్కించావు" చేశాను. అంతకుమించి చెయ్యి పెట్టలేదు. తనని తాను ఇంకా "పాప" అనే అంటుంది కాబట్టి "నేను" అని దిద్దలేదు.

"తాతా, పాపని సైకిలు ఎక్కించావు. అమ్మమ్మా, ముంజ పెట్టావు. మేక ఏది?"

మేకని జూన్‌లోనే అమ్మేశారు. ఆ మాట తీసేసి "ఐ లవ్ యూ తాతా" అని పెడదామని చెయ్యి లాగింది. కానీ అది నా మాట. పాపకి కావలసింది మేక. ఉంచేశాను. కింద పాప గీసిన రంగు గీతలు, ఆ కింద "చెప్పింది పాప, రాసింది అమ్మ". నాన్న కూడబలుక్కుని చదివితే అమ్మ వినాలి కాబట్టి అక్షరాలు పెద్దవిగా, ఎడం ఎడంగా రాశాను.

కార్డు అందిన రోజు అమ్మ ఫోన్ చేసింది. శుభాకాంక్షల ఊసే లేదు.

"మేక ఏదని అడిగిందే పిల్ల, ఏం చెప్పమంటావు?"

"నిజమే చెప్పమ్మా" అన్నాను.

కాసేపు ఆగి అడిగింది: "మరి నాదెప్పుడే పుట్టినరోజు?"

ఆ తేదీ ఏ మాస్టారూ వెయ్యలేదు. అమ్మనే వేసుకోమన్నాను. ఆలోచిస్తోంది.