నోటీసులో అంకె ఉండాలి

సహకార సంఘం ఆఫీసు గోడకు మహాజన సభ నోటీసు అంటించి ఉంటే ఆగి చదవడం నాకు అలవాటు. చాలా చోట్ల ఒకే వరస. ‘1. గత సంవత్సర జమాఖర్చులు. 2. బైలా సవరణ. 3. అధ్యక్షుల వారి అనుమతితో ఇతర అంశములు. కోరం లేనిచో బైలా ప్రకారం చర్య తీసుకొనబడును.’ ఇందులో తప్పుమాట ఒక్కటీ లేదు. అయినా అది చదివిన సభ్యురాలికి తనకు ఓటు ఉందో లేదో, ఎంతమంది వస్తే సభ చెల్లుతుందో, ఆ రోజు తేలబోయేది ఏమిటో తెలియదు.

ఈ నోటీసును తిరగరాయడానికి నేను కింది నుంచి మొదలుపెడతాను. ముందు ఓటు, ఆ తర్వాత కోరం, చివరికి అజెండా. ఎందుకో ఒక ఉదాహరణతో చెబుతాను.

640 మంది సభ్యులున్న పొదుపు సంఘం ఒకటి ఉందనుకుందాం. అప్పు వాయిదా మీరిన వారికీ, చేరి ఏడాది నిండని వారికీ ఓటు లేదని దాని బైలా. వాయిదా మీరినవారు 140 మంది, కొత్తవారు 80 మంది. మిగిలిన ఓటర్లు 420. ‘ఓటు హక్కు గల సభ్యుల్లో ఐదో వంతు లేదా 100 మంది, ఏది తక్కువైతే అది’ కోరం. 420లో ఐదో వంతు 84 కాబట్టి కోరం 84. మొత్తం సభ్యులను లెక్కేస్తే ఐదో వంతు 128 అవుతుంది, అప్పుడు కోరం 100 అనుకుంటాం. ఓటర్ల జాబితా తేలకుండా కోరం తేలదు. పైగా ఓటు లేనివారు 20 మంది వచ్చి కూర్చుంటే హాలు నిండినట్టే కనిపిస్తుంది, సంతకాల పుస్తకంలో మాత్రం కోరం ఉండకపోవచ్చు. అందుకే సంతకాలకు రెండు పుస్తకాలు పెట్టాలి.

ఇప్పుడు నోటీసులో ఇలా రాయవచ్చు: ‘ఆగస్టు 31 నాటికి అప్పు వాయిదా బాకీ లేని, చేరి ఏడాది నిండిన సభ్యులకు ఓటు ఉంది. వారు 420 మంది. పేర్ల జాబితా ఆఫీసు గోడ మీద ఉంది. మీ పేరు లేకపోతే సెప్టెంబరు 10 లోగా కార్యదర్శికి రాసివ్వండి. ఎన్ని వాటాలున్నా ఒకరికి ఒకే ఓటు. మీ తరఫున ఇంకొకరు ఓటు వేయడం కుదరదు. ఓటున్న 84 మంది వస్తేనే సభ మొదలవుతుంది.’ బకాయి కట్టడానికి బైలా గడువు ఇస్తే ఆ తేదీ కూడా ఇక్కడే రావాలి.

అసలు మెలిక వాయిదా పడిన సభలో ఉంటుంది. అరగంట ఆగి కోరం లేకున్నా సభ జరుపుకోవచ్చని, అయితే బైలా సవరణ మాత్రం అందులో చేయకూడదని ఈ సంఘం నియమం. ‘బైలా ప్రకారం చర్య’ అన్న ముక్కలో ఇదంతా దాగిపోతుంది. ‘11 గంటలకు 84 మంది లేకపోతే 11.30కు వచ్చినవారితోనే సభ జరుగుతుంది. అందులో 1వ అంశమే తీసుకుంటాం, 2వ అంశం తీసుకోం’ అని రాస్తే, సవరణ కావాలనేవారూ వద్దనేవారూ ఎప్పుడు రావాలో తెలుసుకుంటారు.

అజెండాలో ‘బైలా సవరణ’ అంటే చాలదు. ‘వాటా విలువ 100 రూపాయల నుంచి 300కు పెంచడం. ఓటింగు ఉంటుంది’ అనాలి. పాత వాక్యం, కొత్త వాక్యం పక్కపక్కన అచ్చువేయాలి. ఎంత మెజారిటీ కావాలో కూడా విప్పి చెప్పాలి. మూడింట రెండొంతులు అంటే దేనిలో? సభకు 96 మంది ఓటర్లు వచ్చి 81 మందే ఓటు వేశారనుకోండి. వేసిన ఓట్లలో అయితే 54 చాలు, హాజరైనవారిలో అయితే 64 కావాలి. అనుకూలంగా 58 పడితే ఒక లెక్కన తీర్మానం నెగ్గుతుంది, ఇంకో లెక్కన ఓడుతుంది. బైలా ఏది చెబితే అది నోటీసులో ముందే ఉంటే సభ ముగిశాక తగువు ఉండదు. ‘ఇతర అంశములు’ పక్కన ‘చర్చకు మాత్రమే, తీర్మానం ఉండదు’ అని చేర్చాలి. నోటీసులో లేని విషయం మీద ఇంట్లో ఉన్న సభ్యుల తరఫున ఎవరూ నిర్ణయం తీసుకోకూడదు.

ఒక హద్దు గుర్తుంచుకోవాలి. తేలిక చేస్తున్నామని నియమం మార్చే అధికారం నోటీసు రాసేవారికి లేదు. సంఘం 1964 చట్టం కింద నమోదైందో, 1995 నాటి పరస్పర సహాయక సంఘాల చట్టం కిందదో చూసుకుని, ఆ చట్టాన్నీ సొంత బైలానూ ముందు పెట్టుకుని రాయాలి. పక్క సంఘం నోటీసును నకలు చేయకూడదు.

కార్యదర్శులకు నా మనవి ఒక్కటే. అంటించే ముందు నోటీసును ఒక సభ్యురాలికి చదివి వినిపించండి. ‘మీకు ఓటుందా? ఎంతమంది రావాలి? దేనికి ఓటు వేస్తారు?’ అని అడగండి. మూడింటికీ జవాబు రాకపోతే ఆ నోటీసు ఇంకా పూర్తికానట్టే.