తలుపు మీద గీత, తెలుపులో తేడా

ఈసారి వరి సంగతి కాదు, మినుము సంగతీ కాదు. మన పాత ఆల్టో సంగతి. 2009 మోడల్, తెల్లది. కాలవ గట్టు మీద ఎదురుగా ట్రాక్టరు వస్తే పక్కకి తీశాను. తుమ్మ కంప ఎడమ తలుపు పొడుగునా గీసేసింది. కౌలు డబ్బులకి బండి అమ్ముదామని అప్పుడే అనుకుంటున్నాను, అదే టైములో ఇది.

తెలుపే కదా, ఏ తెలుపైతే ఏముందిలే అనుకోకండి. తెలుపులో ఎన్ని రకాలున్నాయో షాపుకెళ్తే తెలుస్తుంది. అందుకే ముందు బండి కోడ్ చూసుకోవాలి. బానెట్ ఎత్తితే లోపల అడ్డగోడ మీద రేకు ప్లేటు ఉంటుంది. కొన్ని బళ్ళకి ముందు తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది. ఛాసిస్ నంబరు పొడుగ్గా ఉంటుంది, అది కాదు మనకి కావాల్సింది. రంగు కోడ్ పొట్టిగా రెండు మూడు అక్షరాలే. మట్టి పట్టి ఉంటే కిరసనాయిలు గుడ్డతో తుడవండి, గీకితే అంకెలు పోతాయి. నా బండికి 26U అని ఉంది. మారుతీలో దాని పేరు సుపీరియర్ వైట్.

ఆ కోడ్ పట్టుకుని బెజవాడ ఆటోనగర్ వెళ్ళి, తూకం వేసి కలిపిన వంద గ్రాముల రంగు తెచ్చి, ఇంటి దగ్గర నేనే పూశాను. తప్పు అక్కడే చేశాను. ఆరాక చూస్తే గీత పోయింది గానీ, దాని చోట నీలం పెట్టి ఉతికిన పంచెలాగా తెల్లటి చార కనిపిస్తోంది. చూడ్డానికొచ్చినాయన ఆ చార మీద వేలు పెట్టి "యాక్సిడెంట్ బండా అండీ?" అని అడిగి, బేరంలో పదిహేను వేలు కోసేశాడు. నేను ఇవ్వలేదనుకోండి.

కోడ్ తప్పు కాదు. కోడ్ చెప్పేది బండి కంపెనీ నుంచి వచ్చిన రోజు రంగు. మన బండి పదిహేనేళ్ళు ఎండలో ఉంది. తెలుపు పసుపు తిరుగుతుంది, పైన పొడి తేలుతుంది. అనుమానముంటే పెట్రోలు మూత తీసి లోపలి వైపు, బయటి వైపు పక్కపక్కన చూడండి. లోపలిది పాత రంగు, బయటిది నేటి రంగు. చాలామంది లోపలిది చూసి సరిపోయిందనుకుంటారు.

ఆటోనగర్లో పెద్ద మేస్త్రి ఒకాయన నా చార చూసి నవ్వి, "అన్నయ్యగారూ, ముందు బండిని దాని రంగుకి తీసుకురండి, తర్వాత రంగుని బండికి తీసుకెళ్దాం" అన్నాడు. గుడ్డకి కాస్త రబ్బింగ్ కాంపౌండు రాసి తలుపు మీద రుద్దాడు. గుడ్డ తెల్లబడింది. అంటే పైన క్లియర్ కోటు లేదు, రుద్దితే వచ్చేది రంగే. పైన చచ్చిన పొర పోతే కింద మంచి రంగు ఉంటుంది. గుడ్డకి ఏమీ అంటకపోతే పైన క్లియర్ ఉన్నట్టు. అది పొట్టులాగా లేచిపోతుంటే ఎంత రుద్దినా లాభం లేదు, ప్యానెల్ మొత్తం వేయాల్సిందే.

నా పూత తీయించి, తలుపంతా కాంపౌండు పట్టించాడు. సగం తేడా అక్కడే పోయింది. మిగతా సగానికి పెట్రోలు మూత బయటి వైపుని కూడా రుద్ది, దాన్నే నమూనాగా పెట్టుకున్నాడు. 26U రంగులో పసుపు ఆక్సైడు సూది మొనకి అంటినంత, నలుపు అంతకంటే తక్కువ వేసి కలిపాడు. రేకు ముక్క మీద పూసి పూర్తిగా ఆరనిచ్చి, బయట వెలుతురులో తలుపు పక్కన పెట్టి చూశాడు. తడి రంగు చూసి ఒప్పుకోకూడదట, ట్యూబులైటు కింద అసలే చూడకూడదట. మూడోసారికి కుదిరింది. పసుపు ఎక్కువైతే తీయడం కుదరదు, మళ్ళీ తెలుపు పోసుకుంటూ పోవాలి. మజ్జిగలో ఉప్పు లాంటిదే.

గీత గోరుకి తగులుతుంటే లోతుగా ఉన్నట్టు. రేకు కనిపిస్తే తుప్పు గీకి, ముందు ప్రైమరు పెట్టాలి. సన్న బ్రష్షుతో గీత లోపలే పల్చగా రెండు మూడు పొరలు, ఒకటి ఆరాకే ఇంకోటి. వారం ఆగి 2000 నంబరు వాటర్ పేపరుతో నీళ్ళు పోస్తూ ఎత్తు సమం చేసి, మళ్ళీ కాంపౌండు. వానల్లో మాత్రం పెట్టుకోకండి, చెమ్మ గాలికి రంగు పాలిపోతుంది. సిల్వరు లాంటి మెటాలిక్ రంగులకి ఈ బ్రష్షు పని కుదరదు. అందులో మెరుపు రేణువులు ఎటు పడుకుంటే అటు రంగు మారుతుంది, స్ప్రే కావాల్సిందే.

ఇప్పుడు మా తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చూస్తే సన్నగా తెలుస్తుంది. నిలబడి చూస్తే తెలీదు. మొన్న ఆదివారం ఉయ్యూరు నుంచి ఇద్దరు చూసి వెళ్ళారు, తలుపు మాట ఎత్తలేదు. టైర్ల గురించి మాత్రం అరగంట బేరమాడారు.