రెండు ఫోటోలు – ఒక చొక్కా

ఉద్యోగం పురుషలక్షణం అన్నారు పెద్దలు. ఆ ఉద్యోగం అడగడానికి వెళ్ళేటప్పుడు ఏ చొక్కా తొడుక్కోవాలో మాత్రం ఎవరూ చెప్పిపోలేదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ వెలగబెడుతున్న నాకు ఆ లోటు మొన్న మార్చిలో బాగా తెలిసొచ్చింది.

విశాఖ దగ్గర పరవాడలో ఒక మందుల కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. క్వాలిటీ కంట్రోల్ లేబరేటరీలో పని. సోమవారం ఉదయం 10 గంటలకు రమ్మన్నారు. శుక్రవారం రాత్రి మా హాస్టల్ గదిలో నిండుసభ జరిగింది. నా దగ్గరున్న సరంజామా రెండు రకాలు. ఒకటి, రూమ్మేటు వాళ్ళన్న పెళ్ళికి కుట్టించుకున్న నల్లకోటు, దాని కిందికి నా నల్లప్యాంటు, ఎర్ర టై. రెండోది, మా అక్క పెళ్ళికి తెనాలిలో బాబాయి కుట్టిచ్చిన లేతనీలం చొక్కా, ముదురు బూడిదరంగు ప్యాంటు. సభ ఏకగ్రీవంగా కోటుకే ఓటు వేసింది. నిజం చెప్పొద్దూ, నా ఓటూ దానికే. బాబాయి కుట్టిన చొక్కాతో కంపెనీ గడప తొక్కడమంటే లోలోపల ఏదో నామోషీ.

అయినా మనసు ఊరుకోక, రెండూ వేసుకుని అద్దం ముందు రెండు ఫోటోలు తీసి బాబాయికి పంపాను. ముప్ఫై ఏళ్ళుగా కత్తెర పట్టిన మనిషి. పది నిమిషాల్లో ఫోన్ చేశాడు.

“ఒరేయ్, చెయ్యెత్తి ఫోన్ పట్టుకుంటే ఒక భుజం పైకి లేస్తుంది, ఆ పక్క చెయ్యి పొట్టిగా కనిపిస్తుంది. ఇక కొలతేం తెలుస్తుందిరా? ట్యూబులైటు కింద రంగేం తెలుస్తుంది? పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి, చేతులు కిందికి వదిలెయ్. ఎవరిచేతనైనా ఏడెనిమిది అడుగుల దూరం నుంచి, నీ ఛాతీ ఎత్తున ఫోన్ పెట్టి తీయించు. ఎదురుగా ఒకటి, వెనకనుంచి ఒకటి, కుర్చీలో కూర్చుని ఒకటి.”

తెల్లారాక అలాగే తీయించాను. రాత్రి ఒకే నలుపుగా కనిపించిన కోటూ ప్యాంటూ ఎండ వెలుతురులో వేరుపడ్డాయి. కోటు నలుపే, ప్యాంటు మాత్రం ముదురు గోధుమ! ఒక దీపం కింద ఒకటిగా కనిపించే రెండు అద్దకాలు మరో వెలుతురులో విడిపోతాయని చదువుకున్నవాణ్ణే. ఆ చదువు నా ఒంటిమీద ప్యాంటుదాకా రాలేదు.

ఇక కొలతల సంగతి బాబాయి చెప్పాడు. “కోటు భుజం కుట్టు నీ భుజం ఎముక చివర ఆగాలి. నీకది అంగుళం కిందికి జారింది. దండచేతి మీద ఆ గుంట అందుకే. నడుం బిగించొచ్చు, చేతుల పొడవు తగ్గించొచ్చు. భుజం తగ్గించాలంటే చేతులు విప్పి మళ్ళీ కోటు కుట్టినంత పని. పైగా అది అరువుది!”

తన చొక్కాను మెచ్చుకుంటాడనుకున్నాను. “భుజాలు కుదిరాయి. చేతులు మణికట్టు ఎముక దగ్గర ఆగాయి. కూర్చున్నప్పుడు గుండీల మధ్య నోరు తెరుచుకోలేదు. కానీ కాలరు చూడు. గుండీ పెడితే లోపల ఒక వేలు, మహా అయితే రెండు పట్టాలి. నీకు మూడు పట్టేట్టుంది. బెల్టు కింద ప్యాంటు కుచ్చులు పడింది. హాస్టల్లో సరిగా తింటున్నావా?”

నా దగ్గర జవాబు లేదు.

“కాలరు గుండీ పావంగుళం జరిపించు. ఎక్కువ జరిపితే కాలరు ఒక పక్కకి లాగుతుంది. ప్యాంటు వెనక కుట్టులో ఒక అంగుళం పట్టించు. రెండు దాటితే వెనక జేబులు రెండూ దగ్గరికొచ్చేస్తాయి, జాగ్రత్త. కోటు తప్పని కాదురా. నువ్వు చేసేది గాజుసామాను పని. అక్కడివాళ్ళు రోజూ వేసుకునేదానికన్నా ఒక మెట్టు పైనుంటే చాలు.”

శనివారం సాయంత్రానికి గేటు బయటి టైలరు ఆ రెండు పనులూ చేసిపెట్టాడు. ఆదివారం ఇస్త్రీ చేయించి, బూట్లు తుడుచుకున్నాను.

సోమవారం నాతోపాటు మరో నలుగురు వచ్చారు. ప్రశ్నలయ్యాక మమ్మల్ని లేబరేటరీ చూపిస్తామని తీసుకువెళ్ళి, గుమ్మం దగ్గర తలా ఒక తెల్లకోటు ఇచ్చారు. నేను చొక్కా మీదే తొడుక్కున్నాను. సూటు వేసుకొచ్చిన ఒకాయనకి కోటు మీద కోటు ఎక్కలేదు. విప్పేసరికి లోపలి చొక్కా వీపంతా తడిసి నలిగి ఉంది. ఆ అరువుకోటుతో నేనూ అలాగే నిలబడి ఉండేవాణ్ణి గదా అనిపించింది.

ఉద్యోగం వచ్చిందా అని అడుగుతారు. వచ్చింది. అయితే అది చొక్కా చలవ కాదు, టైట్రేషన్ ప్రశ్నలకి సరిగా చెప్పడం వల్ల. కాకపోతే ఆ గంటసేపూ నా ఒంటిమీద బట్ట ఉందన్న సంగతే నాకు గుర్తురాలేదు.

ఆ సాయంత్రం రూమ్మేటు అడిగాడు, చొక్కా భలే కుదిరింది, ఎక్కడ కుట్టించావని.

“తెనాలిలో, మా బాబాయి కుట్టాడు” అన్నాను. ఈసారి గట్టిగానే అన్నాను.