సభకు నమస్కారం ఎలా చెప్పాలి?



కొన్నేళ్ళ క్రితం యానాంలోని ఒక కళాశాల వార్షికోత్సవానికి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పినవాడిని కదా, ప్రసంగానికి వెరవలేదు. తడబడినది మొదటి వాక్యం దగ్గరే.

నిర్వాహకులు వేదికమీది వారి పేర్లు వ్రాసిన కాగితం ఇచ్చారు. పదకొండు పేర్లు. 1954లో ఫ్రెంచివారు వెళ్ళిపోయినా మా ఊరి పాలన ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరితోనే ముడిపడి ఉన్నది. అందుచేత వేదికమీద తెలుగు రాని అధికారి ఒకరైనా ఉండటం మాకు మామూలే. ఆ కాగితాన్ని అనుసరించి నేను ఇలా వ్రాసుకున్నాను: "అధ్యక్షులవారికి, ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, తల్లిదండ్రులకు, విద్యార్థినీ విద్యార్థులారా, నమస్కారం."

ఇందులో తప్పు మీకు కనబడినదా? "కు" అని మొదలుపెట్టి "లారా" అని ముగించాను. "విద్యార్థులారా" అన్నది పిలుపు. "అధ్యాపకులకు" అన్నది నమస్కారం అందుకొనే వారిని చెప్పే షష్ఠి. రెండూ ఒకే క్రియకు వ్రేలాడవు. పోనీ, అందరికీ "లారా" చేర్చుదామంటే, "ప్రిన్సిపాలు గారలారా" అనలేము; "అధ్యాపకులారా" అంటే ఆజ్ఞాపించినట్లుంటుంది. పెద్దలకు "కు" చేర్చి నమస్కారంతో వాక్యం ముగించాలి. ఆ తరువాత పిల్లలను వేరే వాక్యంలో పిలవాలి. వారికి నమస్కారం కంటె ఆశీస్సులే మన మర్యాద.

వ్యాకరణం సరిదిద్దుకున్నాను గాని అసలు లోపం సభలో కూర్చున్నాక తెలిసింది. నాకు ముందు మాట్లాడినవారు పదకొండు పేర్లూ బిరుదులతో సహా చదివి, చివర ఒక్క "నమస్కారం" అన్నారు. వెనుక వరుసలలోని తల్లిదండ్రులు చేతులు జోడించడానికి సిద్ధపడి, ఎప్పుడు జోడించాలో తెలియక, దించుకున్నారు. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. జాబితా పెరిగినకొద్దీ వినేవాడు ఆ చివరిమాట కోసం ఎదురుచూస్తూ ఉండవలసిందే. నమస్కారం మాత్రం ప్రతినమస్కారం కోరే మాట; దానికి చోటు వదలాలి.

నా వంతు రాగానే కాగితం మడిచాను. "పిల్లలను చదివించి ఇక్కడిదాకా తెచ్చిన అమ్మలకూ అయ్యలకూ నమస్కారం" అని ఆగాను. వెనుక వరుసలలో చేతులు లేచాయి. అవి దిగేదాకా ఆగి, "వారికి చదువు చెప్పిన అధ్యాపకులకు, వేదికమీది పెద్దలకు నమస్కారం" అన్నాను. మళ్ళీ ఆగి, పుదుచ్చేరి నుండి వచ్చిన అధికారివైపు తిరిగి "వణక్కం" అన్నాను. ఆయన నవ్వి, తెలుగులో "నమస్కారం" అన్నారు. చివరగా, "విద్యార్థినీ విద్యార్థులారా! మీకు నా ఆశీస్సులు."

నిమిషమైనా పట్టలేదు. సభ ముగిశాక ఒక పెద్దమనిషి తన పేరు వినబడలేదని కొంత నొచ్చుకున్నారు. ఆయన నొప్పి న్యాయమైనదే. పేర్లు చెప్పే పని స్వాగతం పలికేవారిదని ముందే నిర్వాహకులతో అనుకొని ఉండవలసింది.