వైఫై కలిసింది, నెట్ లేదు

మే 6, ఉదయగిరి

కరెంటు పోయింది, దాంతో పాటే ఫైబరూ పోయింది. చెక్క చెంచాలు చేసే ఒకాయన ఆర్డరు పంపాలని ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. ఆయన ఫోన్లో యూట్యూబ్ ఆడుతోంది. ఆ ఫోను హాట్‌స్పాట్‌కే కలిపిన ల్యాప్‌టాప్‌లో మాత్రం "No internet". "ఫోనుకు వచ్చేది దీనికెందుకు రాదన్నా?" అన్నాడు.

```
ipconfig
ping 8.8.8.8
```

చిరునామా 192.168తో మొదలైంది, అంటే ఫోను ల్యాప్‌టాప్‌ను చేర్చుకుంది. 169.254 అని ఉంటే వైఫై దగ్గరే తేడా అనుకోవాలి. పింగ్ మాత్రం పోలేదు. పింగ్ పోయి సైట్లు తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్‌ను చూసేవాణ్ణి. ఇక్కడ ఫోను దాటి బయటికే పోవడం లేదు.

మే 7

ఆయన సిమ్ నా ఫోన్లో వేస్తే హాట్‌స్పాట్ పనిచేసింది. సిమ్, ప్లాన్ రెండూ బాగున్నట్టే. ఇక ఆయన ఫోను సెట్టింగుల్లో ఏపీఎన్ తెరిచాను. నంబరు పోర్ట్ చేసుకున్నప్పుడు ఎవరో చేత్తో టైపు చేసిన ఏపీఎన్ అది. APN type గడిలో `default` ఒక్కటే ఉంది.

కొన్ని ఫోన్లు తమ సొంత నెట్‌కు ఒక దారి, హాట్‌స్పాట్‌కు వేరే దారి అడుగుతాయి. ఆ రెండోదాని పేరు `dun`. అది రాసి లేకపోతే వైఫై వెలుగుతుంది, వెనక దారి ఉండదు. `default,supl,dun` అని రాసి, సేవ్ చేసి, ఎయిర్‌ప్లేన్ మోడ్ ఒకసారి వేసి తీశాను. ఆర్డరు పోయింది.

మే 9, ఆత్మకూరు

డిగ్రీ పిల్లవాడిదీ ఇదే ఫిర్యాదు, కారణం మాత్రం వేరు. రోజుకు 1.5 జీబీ ప్లాన్. ల్యాప్‌టాప్‌లో విండోస్ అప్‌డేట్ దాన్ని పొద్దున్నే మింగేసింది. కోటా దాటాక వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోయింది. అంటే సెకనుకు 8 కిలోబైట్లు. వాట్సాప్ మెసేజ్ పోతుంది గానీ 2 ఎంబీ పేజీకి నాలుగు నిమిషాలు పైనే పడుతుంది. అందుకే ఫోన్లో నెట్ ఉన్నట్టూ, ల్యాప్‌టాప్‌లో లేనట్టూ కనిపిస్తుంది. ఆ హాట్‌స్పాట్‌ను విండోస్‌లో Metered connection చేసిచ్చాను.

మే 12

అమెరికాలో ఉన్న మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడి ప్లాన్లో ఫోనుకు డేటా అన్‌లిమిటెడ్, హాట్‌స్పాట్‌కు విడిగా హద్దు. కంపెనీకి ఎలా తెలుస్తుందని అడిగాడు. ప్రతి ప్యాకెట్ మీదా టీటీఎల్ అనే అంకె ఉంటుంది. ఫోన్లో పుట్టినది మామూలుగా 64తో బయల్దేరుతుంది. విండోస్‌లో పుట్టినది 128తో బయల్దేరి, ఫోను దాటేటప్పుడు ఒకటి తగ్గి 127 అవుతుంది. కనిపెట్టే దారుల్లో అదొకటి.

అక్కడ వెరిజాన్ టెథరింగ్ యాప్‌లను అడ్డుకుందన్న కేసు 2012లో ఎఫ్‌సీసీ దగ్గర 12.5 లక్షల డాలర్లకు తెగింది. కంపెనీ పెట్టిన హద్దును ఏపీఎన్ మార్చి దాటాలని చూడొద్దని, ప్లాన్ షరతుల్లో హాట్‌స్పాట్ అన్న మాట వెతకమని చెప్పాను.

మే 13

కొట్టు గోడకు అంటించిన కాగితం: ముందు కోటా మెసేజ్ చూడండి. తర్వాత సిమ్‌ను వేరే ఫోన్లో వేయండి. అక్కడ హాట్‌స్పాట్ వస్తే మీ ఏపీఎన్ చూసుకోండి, రాకపోతేనే కంపెనీకి ఫోన్ చేయండి.