మల్లి జ్వరం, నా అరబిళ్ళ, ఒక పశువైద్యురాలి చీటీ

ఈ పుటలో ఇంతవరకు రక్తపోటు, మధుమేహం, మోకాళ్ళ నొప్పుల గురించి రాస్తూ వచ్చాను. ఈసారి మా ఇంటి కుక్క గురించి రాస్తున్నాను. మీలో కుక్కను పెంచేవారు చాలామంది ఉన్నారని మీ ఉత్తరాల వల్ల తెలుసు. పశువైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు ఏం చూడాలో, ఏం అడగాలో నాకు గత వర్షాకాలంలోనే బోధపడింది. అది తెలియడానికి ముందు నేను చేసిన పొరపాటును కూడా దాచకుండా చెబుతాను.

మా మల్లి ఆరేళ్ళ స్పిట్జ్ జాతి ఆడకుక్క. తెల్లటి బొచ్చు, తొమ్మిది కిలోల బరువు. శ్రీకాకుళంలో మా వీధిలో ఇలాంటివి నాలుగైదు ఉన్నాయి. అందరూ వీటిని పమేరియన్ అనే పిలుస్తారు. ఒక సోమవారం సాయంత్రం అది అన్నం ముట్టలేదు. మంగళవారం వెనుక కాలు ఈడుస్తూ నడిచింది. ఒళ్ళు వెచ్చగా ఉంది. "ఏమండీ, పశువుల డాక్టరుకు చూపిద్దామా?" అని నా భార్య అడిగింది. నలభై ఏళ్ళు మనుషులకు మందులిచ్చినవాణ్ణి కదా! ఇంట్లో ఉన్న 200 మిల్లీగ్రాముల ఐబుప్రోఫెన్ బిళ్ళను సగానికి విరిచి, పెరుగన్నంలో పెట్టి బలవంతంగా తినిపించాను. రాత్రి మిగిలిన సగమూ వేశాను.

మన శరీరం ఈ మందును కొద్ది గంటల్లో వదిలించుకుంటుంది. కుక్క శరీరంలో ఇది చాలాసేపు నిలుస్తుంది, కడుపులోని పొరను పుండు చేస్తుంది, మోతాదు పెరిగితే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మల్లి బరువుకు నేనిచ్చిన సగం బిళ్ళే ఎక్కువ. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. తెలియదన్న సంగతి కూడా తోచలేదు.

బుధవారం, కుక్కలకు స్నానం, కత్తిరింపుతో పాటు వైద్యమూ చేస్తామని బోర్డు పెట్టిన ఒక చోటికి తీసుకువెళ్ళాను. పేరు చెప్పను. అద్దాల గది, చల్లని గాలి, గోడల నిండా విదేశీ కుక్కల బొమ్మలు. లోపలికి వెళ్ళగానే మూతికి పట్టీ బిగించి, మెడ వెనుక పట్టుకుని బల్ల మీదికి ఎత్తారు. అది భయంతో బల్ల మీదే మూత్రం పోసింది. ఎవరూ జ్వరం కొలవలేదు, చిగుళ్ళు చూడలేదు. ఒళ్ళంతా గోమార్లు ఉన్నాయి కాబట్టి బొచ్చు తీసేస్తే సుఖపడుతుందన్నారు. నేను తలూపాను. యంత్రంతో చర్మం కనబడేదాకా గొరిగారు. అప్పుడు పొట్ట కింద ఎర్రటి చుక్కలు బయటపడ్డాయి. అక్కడి కుర్రవాడు "చెమటకాయలు సార్, పౌడరు వేయండి" అన్నాడు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున తప్ప చెమట పోసేది దాదాపు లేదు. ఆ మాట అతనికి తెలియకపోవచ్చు. నా వరకు వస్తే, అలాంటి చుక్కలను డెంగీ రోగుల పొట్టల మీద ఎన్ని వందలసార్లు చూశానో! ఆ రోజు చూసి కూడా చూడలేదు. ఏదో సూది వేశారు. ఏం మందో రాసివ్వలేదు. స్నానం, కత్తిరింపు 1,200, సూది 600, గోమార్ల మీద చల్లే మందు 450, మొత్తం 2,250 రూపాయలు. రసీదు అడిగితే ఫోనులో పంపుతామన్నారు.

గురువారం తెల్లవారేసరికి తెల్లటి గచ్చు మీద రెండు రక్తపు చుక్కలు, మల్లి ముక్కు నుంచి. విరేచనం తారులా నల్లగా ఉంది. అప్పుడు నాకు కాళ్ళలో వణుకు పుట్టింది.

తెలిసినవారు విజయనగరం వైపు ఒక చిన్న ఊళ్ళో సొంతంగా వైద్యం చేస్తున్న ఒక యువ పశువైద్యురాలి గురించి చెప్పారు. రేకుల షెడ్డు, బయట రెండు మేకలు, ఒక దూడ. ఆమె మల్లిని బల్ల ఎక్కించలేదు. తానే నేల మీద చాప పరుచుకుని కూర్చుని, చేతి వెనుకభాగాన్ని దాని ముక్కు ముందు పెట్టి, అది వాసన చూసేదాకా ఆగింది. నన్ను తల దగ్గర కూర్చోమంది. మలద్వారంలో థర్మామీటరు పెట్టి చూస్తే 104.2 డిగ్రీలు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు 101 నుంచి 102.5 దాకా ఉండవచ్చునని, అందుకే మన చేతికి కుక్క ఎప్పుడూ వెచ్చగానే తోస్తుందని చెప్పింది. పెదవి ఎత్తి చూపితే చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. వేలితో నొక్కి వదిలి, రంగు తిరిగి రావడానికి ఎంత సేపు పడుతుందో చూసింది.

ఆ తరువాత అడిగిన మొదటి ప్రశ్న: "ఇంట్లో ఏమైనా మందు వేశారా సార్?"

చెప్పాను. ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసింది. "మీరు డాక్టరు గారని చెప్పారు కాబట్టి దాచను. ఆ బిళ్ళ వల్ల కడుపులో రక్తం పోతోంది. అసలు జబ్బు వేరే ఉందనుకుంటున్నాను. రక్తం చూడకుండా మాత్రం చెప్పలేను" అంది. నలభై ఏళ్ళలో నన్ను ఎవరూ అంత మర్యాదగా తప్పుపట్టలేదు.

సున్నితత్వం అంటే ముద్దు చేయడమేనని చాలామంది అనుకుంటారు. ఆమె రక్తం తీసిన తీరు చూశాక నా అభిప్రాయం మారింది. ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే మెడలోని పెద్ద సిరలో సూది గుచ్చితే లోపల రక్తం గడ్డకట్టకుండా పాకే ప్రమాదం ఉంది. అందుకని ముందుకాలి సిరలోంచి తీసి, దూదితో నొక్కి, గడియారం చూస్తూ అయిదు నిమిషాలు చేయి తీయలేదు. కుక్క కదలకుండా ఉంటేనే ఆ అయిదు నిమిషాలు సాధ్యం. భయపడని కుక్కే కదలకుండా ఉంటుంది. చాప మీద కూర్చోవడంలోని అర్థం నాకు అప్పుడు తెలిసింది.

ప్లేట్‌లెట్లు 38 వేలు. మామూలుగా రెండు లక్షలకు పైన ఉండాలి. హిమోగ్లోబిన్ 9.2, పన్నెండుకు తగ్గకూడదు. ప్లేట్‌లెట్లు ముద్ద కడితే యంత్రం తక్కువ లెక్క చూపుతుందని గాజుపలక మీద రక్తం పూసి మళ్ళీ తానే చూసింది. నన్నూ చూడమంది. ఒకప్పుడు సీతంపేట ఏజెన్సీలో మలేరియా కోసం రోజుకు ఎన్నో పలకలు చూసినవాణ్ణి, చాలా ఏళ్ళ తరువాత మళ్ళీ సూక్ష్మదర్శినికి కన్ను ఆనించాను. ఆమె వెతుకుతున్నది బబీసియా అనే క్రిమి కోసం. అది మలేరియా క్రిమిలాగే ఎర్ర రక్తకణంలో కాపురముంటుంది; దానికి వేరే మందు కావాలి. అది కనబడలేదు. లక్షణాలను బట్టి ఇది ఎర్లికియా అనే సూక్ష్మజీవి తెచ్చే గోమారి జ్వరమని నిర్ణయించింది.

ఇక్కడే నాకు ఆమె మీద గౌరవం కలిగింది. ఈ జ్వరాన్ని నిర్ధారించే కిట్ పరీక్ష ఒకటి ఉందని నేను అంతర్జాలంలో చదివి, చేయమని అడిగాను. "చేయించవచ్చు, 1,500 అవుతుంది. ఎప్పుడో వచ్చి తగ్గిన జ్వరానికి కూడా అది అవునని చూపవచ్చు. జబ్బు కొత్తదైతే లేదని చూపవచ్చు. రెండు విధాలా నేను రాసే మందు ఇదే. ఆ డబ్బు పెట్టి ప్లేట్‌లెట్లను మళ్ళీ రెండుసార్లు చూద్దాం" అంది. పరీక్ష ఫలితం వైద్యాన్ని మార్చదంటే ఆ పరీక్ష అనవసరమని మా ఆచార్యులు చెప్పిన మాటే ఇది.

మందు డాక్సీసైక్లిన్, కిలోకు 10 మిల్లీగ్రాముల లెక్కన రోజుకు 100 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి, 28 రోజులు. అన్నంతోనే వేయాలి, వట్టి బిళ్ళ గొంతులో ఆగితే ఆహారనాళం పుండవుతుంది. కడుపు పుండుకు వేరే సిరప్ ఇచ్చింది. అది డాక్సీసైక్లిన్‌ను పట్టి ఉంచి ఒంటపట్టనివ్వదు కాబట్టి, బిళ్ళ వేసిన రెండు గంటల తరువాతే పోయాలని చీటీ మీద గీత గీసి రాసింది. మూత్రపిండాల కోసం క్రియాటినిన్ చూసింది. దేవుని దయ వల్ల బాగానే ఉంది. ప్లేట్‌లెట్లు ఇంకా పడిపోయి రక్తం ఎక్కించవలసి వస్తే తన దగ్గర వీలుపడదని, గరివిడిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికో, విశాఖపట్నానికో వెళ్ళవలసి ఉంటుందని ముందే చెప్పింది. తన చేతకానిది ఏమిటో మొదటి రోజే చెప్పే వైద్యుడు మనుషులకైనా అరుదే.

ఖర్చు ఇలా అయింది. చూసినందుకు 300, రక్తపరీక్ష, పలక కలిపి 550, క్రియాటినిన్ 250, మూడు రోజుల సూదులు 600, బిళ్ళలు, సిరప్ 350. తరువాత రెండుసార్లు ప్లేట్‌లెట్లకు 800. మొత్తం 2,850. అంతా చీటీ మీద విడివిడిగా ఉంది, సూదుల పేర్లతో సహా. మొదటి చోట ఒక్క గంటకు నేను ఇచ్చినదానికి ఇది 600 మాత్రమే ఎక్కువ. గోమార్లు పట్టకుండా పన్నెండు వారాలు పనిచేసే బిళ్ళకు విడిగా 1,600 అయింది. ఇది రాసే ముందు మల్లికి ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా అని అడిగింది. వచ్చిన కుక్కలకు ఆ బిళ్ళ జాగ్రత్త పడి ఇవ్వాలట.

రెండో రోజుకే జ్వరం దిగింది. మూడో రోజు మల్లి గిన్నె నాకింది. మా ఆవిడ మందు చాలేమో అంది. జ్వరం దిగినంత మాత్రాన క్రిమి పోదు. మందు మధ్యలో ఆపితే నెలల తరబడి ఒంట్లో దాగి, ఎముకల్లోని మూలుగను దెబ్బతీసి మళ్ళీ బయటపడవచ్చు. ఇరవై ఎనిమిది బిళ్ళలకూ గోడ మీది క్యాలెండరులో గుర్తులు పెట్టాను. ఏడో రోజు ప్లేట్‌లెట్లు 1,12,000. ఇరవై ఎనిమిదో రోజు 2,40,000.

గోమారి సంగతి ఇంకొకటి. మనం కుక్క ఒంటి మీద చూసేది కొన్నింటినే. రక్తం తాగిన ఆడది రాలిపడి గోడ బీటలలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అందుకే మేడ మీద పిట్టగోడ బీటలు సిమెంటుతో పూడ్పించాను, మల్లి పడుకునే గోనెపట్టా తగలబెట్టాను. ఒంటి మీదివాటిని చిన్న పటకారుతో చర్మానికి దగ్గరగా పట్టి నిదానంగా లాగాలి. కిరసనాయిలు పోయడం, వేళ్ళతో చిదమడం కూడదు.

మళ్ళీ వెళ్ళినప్పుడు గొరిగిన బొచ్చు గురించి అడిగాను. ఈ జాతికి పైన పొడవు వెంట్రుకల కింద మెత్తని మరో పొర ఉంటుందని, అది ఎండ నుంచి కూడా కాపాడుతుందని, పూర్తిగా గొరిగితే కొన్నింటికి నెలల తరబడి తిరిగి రాదని చెప్పింది. గోమార్లకు బొచ్చు తీయనక్కరలేదు, దువ్వితే చాలునట. ఇది రాస్తున్న నాటికి మల్లి వీపు మీద అరచేయంత మేర ఇంకా బోడిగానే ఉంది. దానికి ఏ నూనె రాయమంటారని అడిగితే, "ఏదీ వద్దు సార్, ఆగాలి. మధ్యాహ్నం ఎండలో తిప్పకండి" అని పంపేసింది. ఆ రోజు ఫీజు తీసుకోలేదు.