ఆ కోర్సు అప్పు ఎన్నేండ్లకు తీరుతుంది?

నేను అనంతపురం హాస్టల్లో ఉండి బీకాం ఆఖరు సంవత్సరం చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు.

పోయిన నెల అమీర్‌పేట నుంచి ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఫోన్ చేసినారు. శాప్ ఫైకో కోర్సు, నాలుగు నెలలు, ఫీజు 90 వేలు. "రెండేండ్లలో డబ్బంతా తిరిగొచ్చేస్తుంది" అన్నారు. బాపుకు చెప్తే, "శెనక్కాయ ఈసారీ పోయింది. అయినా అప్పు తెస్తాలే" అన్నాడు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. నోట్‌బుక్ తీసి లెక్క వేసినా.

ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. అక్కడ గదికి, తిండికి నెలకు 8 వేలు, నాలుగు నెలలకు 32 వేలు. అంటే తేవాల్సిన అప్పు 1,22,000. ఆ నాలుగు నెలలూ ఇక్కడ ఆడిటర్ ఆఫీసులో పని చేస్తే నెలకు 12 వేలు వచ్చేవి. పోగొట్టుకునే ఆ 48 వేలు కూడా కలిపితే 1,70,000.

ఇంక లాభం చూద్దాం. కోర్సు అయినాక జీతం 22 వేలు అన్నారు. నేను 12 వేలతో పోల్చి, నెలకు 10 వేలు ఎక్కువ అనుకున్నా. అది తప్పు. అదే ఆడిటర్ దగ్గర ఏడాది చేసిన అన్నకు ఇప్పుడు 15 వేలు ఇస్తున్నారు. కాబట్టి తేడా 7 వేలే. సిటీలో ఖర్చు ఇక్కడికంటే 4 వేలు ఎక్కువ. మిగిలేది 3 వేలు. 1,70,000ను 3 వేలతో భాగిస్తే 57 నెలలు, దగ్గర దగ్గర ఐదేండ్లు.

ఇందులో వడ్డీ లేదు. మా తాండాలో నూటికి నెలకు రెండు రూపాయలు. 1,22,000కు మొదటి నెల వడ్డీనే 2,440. ఎక్కువ వచ్చిన 3 వేలూ అప్పుకే కడితే అసలులో తగ్గేది 560. అట్లా కడుతూ పోతే తీరేదానికి ఏడేండ్లు.

అదీ ఉద్యోగం వస్తేనే. ఆ కోర్సు చేసిన నలుగురు సీనియర్లను అడిగినా. ఒక్క అన్నకే శాప్ పని దొరికింది. ఆయన అంతకు ముందే రెండేండ్లు ఒక కంపెనీలో అకౌంట్స్ చూసినాడు. మిగతా ముగ్గురూ మామూలు అకౌంట్స్ పనిలోనే ఉన్నారు. ఇంకో సంగతి ఆ అన్నే చెప్పినాడు. ఇన్‌స్టిట్యూట్ ఇచ్చేది కోర్సు పూర్తి చేసినట్టు కాగితం. శాప్ కంపెనీ సర్టిఫికెట్ కావాలంటే ఆ కంపెనీ పరీక్ష వేరే రాయాలి, ఫీజు వేరే. ఫోన్ చేసినవాళ్లను అడిగితే, "అది మీ ఇష్టం సార్" అన్నారు.

అందుకే ముందు ఆడిటర్ దగ్గర చేరి ట్యాలీ, జీఎస్టీ పని రెండేండ్లు చేస్తా. అప్పుడు నా సొంత డబ్బుతో, వడ్డీ లేకుండా ఈ లెక్క మళ్లీ వేస్తా. అప్పటికి అనుభవం ఉంటుంది కాబట్టి జీతం తేడా కూడా మారొచ్చు.

బాపుకు నోట్‌బుక్ చూపించినా. ఆయనకు చదవడం రాదు, వడ్డీ లెక్క మాత్రం నాకంటే బాగా వచ్చు. 560 అనే అంకె చెప్పగానే, "అప్పు వద్దులేరా" అన్నాడు.

మీలో ఎవరైనా ఈ కోర్సు చేసి ఉంటే మీ జీతం, పెట్టిన ఖర్చు కింద రాయండి. నా లెక్కలో తప్పుంటే దిద్దుకుంటా.